‘2’ అంటే లేదు: వేల ఊళ్ల పరిచయాలు యంత్రంతో రాయిస్తే

2011 జనగణనలో ఊరూరా సేకరించిన సౌకర్యాల పట్టికలో పోస్టాఫీసుకు ఒక నిలువు వరుస ఉంది. అందులో కొన్ని ఊళ్లకు 1 అని, కొన్ని ఊళ్లకు 2 అని కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లు ఒకటో రెండో పోస్టాఫీసులు ఉన్నాయనుకుంటారు. నిజానికి ఆ వరుసలో 1 అంటే ఉంది, 2 అంటే లేదు. అదే పట్టికలో ఇంకోచోట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల సంఖ్య ఉంటుంది. అక్కడ 2 అంటే నిజంగానే రెండు బడులు.

ఈ పట్టికను ఉన్నదున్నట్టు ఒక లాంగ్వేజ్ మోడల్ చేతికిచ్చి, ‘ఈ ఊరి గురించి ఒక పేరా రాయి’ అంటే ఏమవుతుంది? పోస్టాఫీసు లేక పక్క ఊరికి నడిచివెళ్లే జనానికి రెండు పోస్టాఫీసులు మంజూరైపోతాయి. వాక్యం తప్పుల్లేని తెలుగులో, ఎక్కడా తడబాటు లేకుండా ఉంటుంది. ఒక ఊరి విషయంలో ఇలా జరిగితే ఎవరో చూసి దిద్దుతారు. పదివేల ఊళ్ల పరిచయాలు ఒక్క రాత్రిలో తయారైతే కూర్చుని చదివేవాళ్లు ఎవరు? అందుకే ఈ పనికి రాసే యంత్రం ఒక్కటీ చాలదు. దాని ముందు పట్టికను శుభ్రం చేసే దశ ఉండాలి. దాని వెనుక నిజాలను, పునరుక్తిని పట్టి చూసే దశలు ఉండాలి. ఒక దశ చేసిన పని తర్వాతి దశకు అందేలా కట్టిన ఈ మొత్తం ఏర్పాటునే పైప్‌లైన్ అంటున్నారు.

ఊళ్ల పరిచయాలను యంత్రంతో రాయించడం కొత్త ఆలోచనేం కాదు. 2002లో డెరెక్ రామ్సే అనే అమెరికన్ రాంబాట్ అనే ప్రోగ్రాం రాసి, అమెరికా జనగణన అంకెలతో ఇంగ్లిష్ వికీపీడియాలో సుమారు 30 వేల ఊళ్లకు, కౌంటీలకు వ్యాసాలు పెట్టించాడు. స్వీడన్‌కు చెందిన స్వెర్కర్ యోహాన్‌సన్ తయారుచేసిన ఎల్‌ఎస్‌జేబాట్ ఇంకా దూరం వెళ్లింది. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే సెబువానో భాష వికీపీడియాలో వ్యాసాలు 60 లక్షలు దాటడానికి ముఖ్య కారణం అదే. ఆ భాష అతని భార్య మాతృభాష. తెలుగు వికీపీడియాలోనూ వేల గ్రామాల పేజీల్లో 2011 జనగణన వివరాలు ఒకే అచ్చులో కనిపిస్తాయి: మండల కేంద్రం నుంచి దూరం, ఇళ్లు, జనాభా, విస్తీర్ణం, ఆ తర్వాత లొకేషన్ కోడ్.

వీటిలో లాంగ్వేజ్ మోడల్ పని ఏమీ లేదు. ఖాళీలున్న వాక్యం ఒకటి ముందే రాసిపెట్టుకుని, ఆ ఖాళీల్లో అంకెలు నింపడమే. ఈ పద్ధతి సొంతంగా ఏదీ కల్పించదు. పట్టికలో తప్పుంటే మాత్రం ఆ తప్పును నమ్మకంగా మోసుకొస్తుంది. సెబువానోలో అదే జరిగింది. జియోనేమ్స్ అనే భౌగోళిక జాబితాలోని పొరపాట్లు వ్యాసాల్లోకి నడిచివచ్చాయి. రెండో చిక్కు చదివేవాళ్లది. ఒక ఊరి పేజీ చదివితే మండలంలోని పాతిక ఊళ్ల పేజీలూ చదివినట్టే ఉంటుంది. లాంగ్వేజ్ మోడల్ అవసరం అనిపించింది అక్కడే. ప్రతి ఊరికీ దానికి తగిన పేరా రాయగలదన్న ఆశతో దాన్ని పిలిచారు. దానితోపాటు కల్పన కూడా లోపలికి వచ్చింది.

చింతలపాడు అనే ఊరిని ఊహించుకుందాం. ఊరూ దాని అంకెలూ కల్పితమే గానీ, వరుసలన్నీ జనగణనలో నిజంగా ఉన్నవే. ఇళ్లు 498, జనాభా 1,840. మగవాళ్లు 912, ఆడవాళ్లు 928. ఏడేళ్లలోపు పిల్లలు 196, చదవడం రాయడం వచ్చినవాళ్లు 904. సౌకర్యాల వరుసలు కంప్యూటర్‌కు చేరేసరికి ఇలా ఉంటాయనుకుందాం:

```
post_office: 2
govt_primary_schools: 2
commercial_bank: 2
bank_distance: c
```

దీన్ని చూసి మోడల్ రాసే పేరా ఈ తరహాలో ఉంటుంది: ‘చింతలపాడు పచ్చని పొలాల నడుమ కొలువైన అందమైన గ్రామం. ఇక్కడ 1,840 మంది నివసిస్తున్నారు. గ్రామ అక్షరాస్యత 49 శాతం. ప్రతి వెయ్యి మంది స్త్రీలకు 983 మంది పురుషులున్నారు. ఊళ్లో రెండు ప్రాథమిక పాఠశాలలు, రెండు పోస్టాఫీసులు ఉన్నాయి. వాణిజ్య బ్యాంకు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రజల ప్రధాన వృత్తి వ్యవసాయం.’

చదవడానికి హాయిగానే ఉంది. పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఏడు వాక్యాల్లో ఒక్కటీ నిలవదు, అదీ ఒక్కొక్కటి ఒక్కో రకంగా.

అక్షరాస్యత సంగతి చూద్దాం. మోడల్ 904ను 1,840తో భాగించి 49 శాతం అంది. జనగణన లెక్క వేరు. ఏడేళ్లు, ఆపై వయసువాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది, చంటిపిల్లలను నిరక్షరాస్యుల కింద కట్టదు. మొత్తంలోంచి 196 మంది పిల్లలను తీసేస్తే 1,644 మంది. 904ను దానితో భాగిస్తే 55 శాతం. అంటే ఒక్క వాక్యంతో ఊరి చదువు ఆరు శాతం పాయింట్లు పడిపోయింది. స్త్రీ పురుష నిష్పత్తి ఇంకా చిత్రమైనది. 912ను 928తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే 983 వస్తుంది గనక మోడల్ చేసిన లెక్క తప్పు కాదు. అయితే మన దేశంలో ఈ నిష్పత్తిని వెయ్యి మంది మగవాళ్లకు ఎంతమంది ఆడవాళ్లు అని చెప్పడం ఆనవాయితీ. ఆ లెక్కన ఇది 1,018. వెయ్యి లోపు అంకె కంటపడగానే, ఇక్కడ ఆడపిల్లలు తక్కువ కాబోలు అనుకునే పాఠకుడికి వాక్యం పూర్తిగా ఎదురు అర్థం ఇస్తుంది.

బ్యాంకు దూరంలో ఉన్న తప్పు కంటికి ఆనదు. సౌకర్యం ఊళ్లో లేకపోతే అది ఎంత దూరంలో ఉందో జనగణన అక్షరాల్లో చెబుతుంది. a అంటే 5 కిలోమీటర్ల లోపు, b అంటే 5 నుంచి 10, c అంటే 10కి పైన. ఆ పైన ఎంతైనా కావచ్చు. నలభై కిలోమీటర్ల అడవి దారి కూడా c కిందికే వస్తుంది. ‘10 కిలోమీటర్ల దూరంలో’ అని రాసేసరికి బ్యాంకు ఉన్నపళంగా దగ్గరికి వచ్చేసింది.

‘నివసిస్తున్నారు’ అన్న వర్తమానం కూడా తప్పే. ఆ మనుషులను లెక్కపెట్టింది 2011లో. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. అప్పటి అంకెను ఇప్పటి మాటలో చెబితే, ఈ మధ్యలో పెరిగినవాళ్లూ, పెళ్లయి వెళ్లినవాళ్లూ, హైదరాబాద్‌కు వలసపోయినవాళ్లూ ఎవరూ లేనట్టే. ఇక పచ్చని పొలాలు, వ్యవసాయం? రెండూ నిజమే కావచ్చు. అయినా మోడల్‌కు ఇచ్చిన వరుసల్లో ఆ మాట లేదు. ఊరంటే పొలాలుంటాయన్న అలవాటుతో రాసింది. పదివేల ఊళ్లలో క్వారీల మీద బతికే ఊరికీ, చేపలు పట్టే ఊరికీ ఇదే వాక్యం పడుతుంది.

ఈ తప్పుల్లో సగం మోడల్ కలం పట్టకముందే ఆపవచ్చు. పైప్‌లైన్‌లో మొదటి దశ పని అదే. 2ను చూసి అర్థం ఊహించుకునే అవకాశం మోడల్‌కు ఇవ్వరు. ఏ వరుసలో 2 అంటే లేదో, ఏ వరుసలో రెండో ముందే తేల్చి, ‘పోస్టాఫీసు: లేదు’ అని మాటల్లోకి మార్చి ఇస్తారు. c స్థానంలో ‘10 కిలోమీటర్లకు పైగా’ అని పెడతారు. అక్షరాస్యత, నిష్పత్తి లాంటి లెక్కలను మామూలు ప్రోగ్రాం ముందే కట్టి పెడుతుంది. భాగహారాలు చేయడం మోడల్ పని కాదన్నది ఇక్కడ గట్టి నియమం. ప్రతి వివరానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఏ వాక్యం ఏ వివరం ఆధారంగా రాసిందో ఆ సంఖ్యను పక్కన వేయమని మోడల్‌ను అడుగుతారు. సంఖ్య వేయలేని వాక్యం ఏదైనా వస్తే అక్కడే అనుమానించవచ్చు.

జనాభా సున్నా ఉన్న ఊళ్లను ఈ దశలోనే పక్కన పెట్టాలి. జనగణన జాబితా రెవెన్యూ గ్రామాల జాబితా. భూమి రికార్డుల్లో పేరుండి మనుషులెవరూ లేని గ్రామాలు అందులో చాలానే ఉన్నాయి. ఆ ఖాళీ వరుసను మోడల్‌కు పంపితే ‘ఇక్కడి ప్రజలు కష్టజీవులు’ అని రాయడానికి అది వెనకాడదు.

జిల్లా పేరు మరో పెద్ద గుంట. 2011 పట్టికలో ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 23 జిల్లాలు. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలను 26 చేసింది. గోదావరి, శబరి కలిసే చోట ఉన్న కూనవరాన్ని తీసుకోండి. జనగణన నాటికి అది ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు మండలాలతోపాటు ఆంధ్రప్రదేశ్‌లోకి, తూర్పు గోదావరిలోకి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మోడల్ చదివిన పాత వార్తల్లో, పుస్తకాల్లో ఈ మూడు జిల్లాలూ ఉంటాయి. తనకు తోచింది రాయమంటే ఎప్పుడు ఏది రాస్తుందో చెప్పలేం. అందుకే మండలాలు, జిల్లాల తాజా జాబితాను వేరే పట్టికగా పెట్టుకుని, జిల్లా పేరు ఆ పట్టికలోంచే రావాలని కట్టడి చేస్తారు.

ఒకే పేరున్న ఊళ్లతోనూ ఇలాంటి తంటానే. పోచంపల్లి అనగానే మోడల్‌కు ఇక్కత్ చీరలు, 1951లో వినోబా భావే, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరెకరాలు గుర్తొస్తాయి. అవి యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి సంగతులు. హైదరాబాద్ శివార్లలో దుండిగల్ దగ్గర కూడా ఒక పోచంపల్లి ఉంది. దాని వరుస ఇచ్చినా మోడల్ మగ్గాల చప్పుడు వినిపించేస్తుంది. ప్రఖ్యాతి ఉన్న ఊరు తన పేరున్న ఊళ్లన్నిటినీ మింగేస్తుందన్నమాట. జనగణన ప్రతి గ్రామానికీ ఇచ్చిన ఆరంకెల కోడ్ ఇక్కడ ఆదుకుంటుంది. కానీ ఆ కోడ్ వరుసలను కలపడానికే పనికొస్తుంది. మోడల్ జ్ఞాపకాన్ని అది అదుపు చేయలేదు. రాసిన తర్వాత పరీక్షించడం ఒక్కటే దారి.

ఆ పరీక్షలో మొదటి మెట్టు చాలా మొరటుగా ఉంటుంది, అందుకే బాగా పనిచేస్తుంది. పేరాలో ఉన్న అంకెలన్నిటినీ ప్రోగ్రాం ఏరుతుంది. ప్రతి అంకే ఆ ఊరి వరుసలోనో, ముందే కట్టిన లెక్కల్లోనో ఉండాలి. లేకపోతే పేరా తిరిగి వెళ్తుంది. చింతలపాడు పేరాలో 49, 983 రెండూ ఇక్కడే దొరికిపోతాయి. తెలుగులో అయితే ఈ మొరటు పరీక్షకు కొంత చదువు నేర్పాలి. ‘పద్దెనిమిది వందల నలభై’ అన్నా 1,840 అన్నా ఒకటేనని దానికి తెలియాలి. ‘రెండు వేలకు దగ్గరగా’ అంటే ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో చెప్పాలి. ‘సగానికి పైగా’ అన్న మాటలో దాగిన అంకెనూ బయటికి లాగాలి.

పేర్ల దగ్గర తెలుగు ఇంకా ఇబ్బంది పెడుతుంది. కూనవరం అన్న మాట పేరాలో ఉందా అని వెతికితే ‘కూనవరానికి’ అన్నచోట దొరకదు, ఎందుకంటే విభక్తి చేరగానే చివరి అక్షరాలు మారిపోయాయి. చింతలపాడు కాస్తా చింతలపాటికి అవుతుంది. ఆదిలాబాద్‌లో అని టైపు చేసేటప్పుడు ద్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది, కొందరు దాన్ని వేయరు. మనిషికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. ఇంగ్లిష్ కోసం రాసిన తనిఖీ ప్రోగ్రాంను తెలుగుకు తెచ్చి అలాగే వాడితే సరైన పేరాలను వందల కొద్దీ తప్పని తిప్పి పంపుతుంది. రెండు రోజులు చూసి విసిగిన ఇంజినీరు ఆ తనిఖీనే ఆపేస్తాడు. తప్పుడు హెచ్చరికలతో వచ్చే అసలు నష్టం అదే.

అంకెలు, పేర్లు కుదిరినా వాక్యం అబద్ధం కావచ్చు. ‘రెండు బడులు, రెండు పోస్టాఫీసులు’ అన్న వాక్యంలో ఉన్న అంకె 2 ఒక్కటే. అది బడుల వరుసలో ఉంది గనక అంకెల పరీక్ష దాన్ని వదిలేస్తుంది. అందుకే రెండో మెట్టులో ఒక్కో వాక్యాన్ని విడదీసి, ఊరి వివరాల పక్కన పెట్టి, మరో మోడల్‌ను అడుగుతారు: ఈ వాక్యం ఈ వివరాల నుంచి వస్తోందా, వీటికి విరుద్ధంగా ఉందా, వీటిలో లేని మాట చెబుతోందా? పోస్టాఫీసుల వాక్యం విరుద్ధం కింద పడుతుంది. పచ్చని పొలాలు మూడో గంపలో పడతాయి. ఈ మూడో గంపను గట్టిగా పట్టించుకోవాలి. నిజమే కావచ్చులే అని ఉదారంగా వదిలేస్తే కల్పనంతా ఆ సందులోంచే జారిపోతుంది.

రాసిన మోడల్‌నే మళ్లీ తనిఖీకి పెట్టడం పరీక్ష రాసిన కుర్రాడి చేతికే ఎర్ర సిరా కలం ఇచ్చినట్టుంటుంది. c అంటే 10 కిలోమీటర్లని రాసేటప్పుడు పొరబడినదే దిద్దేటప్పుడూ పొరబడే అవకాశం ఎక్కువ. వేరే మోడల్ పెట్టడం కొంత మేలు. అంతకన్నా మేలైనది తనిఖీదారుకే పరీక్ష పెట్టడం. సరైనవని మనుషులు తేల్చిన రెండు వందల వాక్యాలు తీసుకుని, వాటిలో సగం వాక్యాల్లో కావాలని ఒక్కో తప్పు నాటుతారు. జిల్లా మారుస్తారు, ‘పైగా’ను తీసేస్తారు, ఆడవాళ్లను మగవాళ్లు చేస్తారు. తనిఖీదారు నాటినవాటిలో ఎన్ని పట్టింది, తప్పులేని వాక్యాల్లో ఎన్నిటిని అనవసరంగా నిందించింది అన్న రెండు అంకెలూ చేతికొస్తాయి. ఆ అంకెలు లేకుండా ‘మా దగ్గర తనిఖీ ఉంది’ అనడంలో పెద్ద అర్థం లేదు.

ఇక పునరుక్తి. దీన్ని కొలిచే పద్ధతి ఇంటర్నెట్ పాతరోజుల నుంచీ ఉంది. ప్రతి పేరానూ వరుసగా ఐదేసి మాటల ముక్కలుగా కోస్తారు. మొదటి మాట నుంచి ఐదోదాకా ఒక ముక్క, రెండో మాట నుంచి ఆరోదాకా మరొకటి. రెండు పేరాల్లో ఉమ్మడిగా ఉన్న ముక్కలను, రెండింట్లో కలిపి ఉన్న మొత్తం వేరువేరు ముక్కలతో భాగిస్తే పోలిక ఎంతో తెలుస్తుంది. చెరో 60 ముక్కలుండి 45 ఉమ్మడివైతే, వేరువేరుగా ఉన్నవి 75. 45ను 75తో భాగిస్తే 0.6. ఇది చాలా ఎక్కువ పోలిక. పదివేల పేరాలను జతలుగా పోల్చాలంటే దాదాపు 5 కోట్ల పోలికలు. ఆ భారం తగ్గించడానికి ఆండ్రే బ్రోడర్ 1997లో ప్రతిపాదించిన మిన్‌హాష్ పద్ధతి వాడతారు. అది ప్రతి పేరాకూ కొన్ని అంకెలతో చిన్న వేలిముద్ర లాంటిది తయారుచేసి, ముద్రలు కలిసినవాటినే దగ్గరగా చూస్తుంది.

పోల్చేముందు ఊళ్ల పేర్లు, అంకెలు తుడిచేయాలి. ఇది మరచిపోతే కొలత మోసం చేస్తుంది. ‘498 ఇళ్లలో 1,840 మంది’ అన్నదీ ‘312 ఇళ్లలో 1,105 మంది’ అన్నదీ మాటల ముక్కల లెక్కలో వేరువేరు. పాఠకుడి చెవికి మాత్రం ఒకే వాక్యం. పేరు ఉన్నచోట ‘ఊరు’, అంకె ఉన్నచోట ‘సంఖ్య’ అని పెట్టి చూస్తేనే అసలు పోలిక బయటపడుతుంది. అర్థాన్ని బట్టి పోల్చే ఆధునిక పద్ధతులు ఇక్కడ ఎందుకో పెద్దగా ఉపయోగపడవని అనిపించవచ్చు. కారణం తేలికే: అన్ని పేరాల అర్థమూ దాదాపు ఒకటే. అందరూ ఊరు, ఇళ్లు, బడి, బ్యాంకు గురించే మాట్లాడుతున్నారు.

అసలు గొడవ పునరుక్తి దొరికాక మొదలవుతుంది. తోచే మొదటి వైద్యం, ‘ఇంకోలా రాయి’ అని మోడల్‌కు చెప్పడం. అది వింటుంది. ‘ఉంది’ అన్నచోట ‘కొలువై ఉంది’ అంటుంది, మరో ఊరు ‘ఒదిగి ఉంది’, ఇంకోటి ‘అలరారుతోంది’. మురుగు కాలువ లేదని పట్టిక చెబుతున్న ఊరు అలరారడం మొదలుపెడుతుంది. మాటలు మార్చి మార్చి అలసిపోయాక కొత్త సంగతులు తెస్తుంది: పక్కన చెరువు, ఊరి మధ్య రామాలయం, సంక్రాంతికి ముగ్గులు. వివరం కొత్తదైతే వాక్యం కొత్తదవుతుంది గదా. అంటే పునరుక్తిని తగ్గించమని నొక్కిన కొద్దీ తప్పులు పెరుగుతాయి. తప్పులను తగ్గించమని బిగించిన కొద్దీ పేరాలన్నీ మళ్లీ పాత అచ్చులోకి జారతాయి. ఈ రెండు తనిఖీలనూ వేర్వేరు మనుషులకు అప్పగించిన చోట ఒకరి విజయం మరొకరి తలనొప్పిగా మారడం మామూలే.

దీన్నుంచి బయటపడాలంటే వైవిధ్యాన్ని మోడల్ మాటల్లో కాక పట్టికలో వెతకాలి. ప్రతి ఊరినీ దాని మండలంలోని మిగతా ఊళ్లతో ప్రోగ్రాం పోల్చి చూస్తుంది. విస్తీర్ణంలో పెద్దదా? అక్షరాస్యతలో అట్టడుగునా? మండలమంతటికీ బ్యాంకు ఉన్న ఒకే ఊరా? మిగతావాటి నుంచి బాగా వేరుగా నిలిచిన రెండు మూడు సంగతులను ఎంచి, ‘వీటితో మొదలుపెట్టు’ అని మోడల్‌కు ఇస్తుంది. అప్పుడు ఒక ఊరి పేరా బ్యాంకుతో మొదలవుతుంది, మరొకటి పాఠశాలతో, ఇంకొకటి రోడ్డు లేకపోవడంతో. వాక్యాలు వేరుగా ఉండటానికి కారణం ఊళ్లు వేరుగా ఉండటమే. ఇందులోనూ జాగ్రత్త అవసరం. చింతలపాడులో ఆడవాళ్లు మగవాళ్లకంటే 16 మంది ఎక్కువ. 1,840 మందిలో అది ఒకట్రెండు పెద్ద కుటుంబాల తేడా. దాన్ని ఊరి ప్రత్యేకతగా ఎత్తి చూపకూడదు. ఎంత తేడా ఉంటే చెప్పదగ్గదో హద్దు ముందే గీయాలి.

ఏ ప్రత్యేకతా లేని ఊళ్లూ ఉంటాయి. మండలంలో సగటు జనాభా, సగటు అక్షరాస్యత, అందరికీ ఉన్న బడి, ఎవరికీ లేని బ్యాంకు. అలాంటి ఊళ్ల పరిచయాలు ఒకదాన్నొకటి పోలి ఉంటే తప్పేమిటి? పాఠకుడు ఇరవై ఊళ్ల పేజీలు వరుసగా చదవడు, తన ఊరి పేజీ ఒక్కటే తెరుస్తాడు. కాబట్టి విస్తీర్ణం, కోడ్ చెప్పే వాక్యాలు ఎక్కడైనా ఒకేలా ఉండవచ్చని ఒప్పుకుని, మొదటి వాక్యం మీద, పొగడ్త మాటల మీద మాత్రం పునరుక్తి పరీక్షను గట్టిగా పెట్టడం తెలివైన పని. ‘అందమైన’, ‘ప్రశాంతమైన’, ‘ప్రసిద్ధి చెందిన’ లాంటి మాటలు పదివేల పేరాల్లో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టిస్తే చాలు, మోడల్ ఎక్కడ సొంత కవిత్వంలోకి దిగిందో కనిపిస్తుంది.

పరీక్ష తప్పిన పేరా మళ్లీ మోడల్ దగ్గరికి వెళ్తుంది, ‘బాగా లేదు’ అని కాదు, ‘నాలుగో వాక్యంలో 983 వివరాల్లో లేదు’ అని కచ్చితమైన కారణంతో. తిరిగొచ్చిన పేరా మొదటి నుంచి అన్ని పరీక్షలూ మళ్లీ రాయాలి, ఎందుకంటే నాలుగో వాక్యం దిద్దుతూ మోడల్ రెండోదాన్ని చెడగొట్టడం తరచూ జరిగేదే. రెండుసార్లు తప్పితే ఇక బతిమాలడం ఉండదు. ఆ ఊరికి ఖాళీలు నింపే పాత అచ్చు వాక్యాలే వేస్తారు. చప్పగా ఉన్నా నిజం ఉంటుంది.

చివరికి మనిషి చదవాల్సిందే. ఎన్ని చదవాలి? పదివేల పేరాల్లోంచి చీటీ తీసినట్టు 300 ఎంచి, ఒక్కొక్కటీ పట్టికతో సరిచూస్తే ఒక్క తప్పూ దొరకలేదనుకుందాం. గణాంకశాస్త్రంలో దీనికి ఒక తేలిక సూత్రం ఉంది: చూసిన సంఖ్యతో 3ను భాగించాలి. 3ను 300తో భాగిస్తే ఒక శాతం. అంటే తప్పున్న పేరాలు ఒక శాతం దాటి ఉండవని 95 శాతం భరోసాతో చెప్పవచ్చు, అంతే. పదివేలలో ఒక శాతం అంటే వంద ఊళ్లు. ఆ వంద ఊళ్లవాళ్లకు మిగతా 9,900 సరిగ్గా ఉన్నాయన్న కబురు ఊరటనివ్వదు. అందుకని చీటీ తీయడంతోపాటు ప్రమాదం ఎక్కువున్న గుంపులను విడిగా చదివిస్తారు: ఒకే పేరున్న ఊళ్లు, జిల్లా మారిన మండలాలు, వరుసలో ఖాళీలు ఎక్కువున్న గ్రామాలు. ఏ జిల్లాకు ఆ జిల్లా ఎరిగినవాళ్లను కూర్చోబెడితే పట్టికలోనే ఉన్న తప్పులు కూడా బయటపడతాయి. అవి మరే తనిఖీకీ చిక్కవు. ఊళ్లో బడి ఎప్పుడో ఉండి పట్టికలో లేదని పడితే, పైప్‌లైన్ మొత్తం ఆ ‘లేదు’నే కాపాడుతుంది.

కొత్త జనగణన అంకెలు వచ్చిననాడు ఇదంతా మళ్లీ నడపాలి. ఈలోగా ఎవరో ఊరివాళ్లు తమ పేజీ తెరిచి, యంత్రం రాసిన రెండు వాక్యాల మధ్య తమ ఊరి జాతర గురించి, చెరువు గట్టు గురించి నాలుగు మాటలు చేర్చి ఉంటారు. పేరా మొత్తాన్ని కొత్తదానితో మార్చేస్తే ఆ మాటలు పోతాయి. మొదట్లో ప్రతి వాక్యానికీ వేయించిన గుర్తింపు సంఖ్య అప్పుడు మరో పనికి వస్తుంది. సంఖ్య ఉన్న వాక్యాలనే ప్రోగ్రాం తాజా అంకెలతో తిరిగి రాయిస్తుంది. సంఖ్య లేనివి మనుషులు రాసినవి గనక వాటి జోలికి పోదు.